జావా పల్లీముద్దకు తెలుగు లేబుల్

ఇండోనేషియాలోని జావా దీవిలో పెచెల్ అనే వంటకం ఉంది. ఉడికించిన ఆకుకూరలు, బొబ్బర్ల కాయలు, మొలకల మీద పల్లీల ముద్దను వేడినీళ్లలో కలిపి పోస్తారు. తూర్పు జావాలోని మాదియున్ పట్టణం దీనికి పెట్టింది పేరు. ఆ ముద్దను అచ్చులుగా చేసి ప్యాకెట్లలో అమ్ముతారు. వేయించిన పల్లీలు, బెల్లం, మిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు అందులో ఉంటాయి. ప్యాకెట్ విప్పగానే వచ్చే వాసనకు తెలుగువాళ్లెవరికైనా పల్లీ పచ్చడే గుర్తొస్తుంది. ఈ అధ్యాయంలో అలాంటి 200 గ్రాముల ప్యాకెట్ ఒకటి మాదాపూర్ దుకాణంలోకి వస్తోందనుకుందాం. దాని మీది ఇండోనేషియా లేబుల్‌ను తెలుగులోకి తేవాలి. ఏ కంపెనీ పేరూ అంటకుండా ఉండేందుకు ఈ ప్యాకెట్‌లోని పాళ్లను ఉదాహరణ కోసం నేనే కూర్చాను. నిబంధనలు, లెక్కలు మాత్రం నిజమైనవే.

మాదాపూర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1998లో సైబర్ టవర్స్ వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రాంతం దేశదేశాల సరుకులకు అలవాటు పడింది. కొనేవాళ్లకు ఇంగ్లీషు వచ్చు. ఇంట్లో వండేవాళ్లు, పిల్లలకు తినిపించేవాళ్లు వేరే ఉంటారు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో, పొద్దున్నే వచ్చి వంట చేసి వెళ్లే మనిషో, పాపను చూసుకునే ఆయమ్మో చదవగలిగేది తెలుగే. పిల్లాడికి పల్లీలు పడవని అందరికీ తెలిసినా, ప్యాకెట్ చేతిలోకి తీసుకున్న మనిషికి అందులో పల్లీలున్నాయని తెలియకపోతే ఆ జాగ్రత్త అక్కరకు రాదు. తెలుగు లేబుల్ చేరాల్సింది ఆ చేతికే.

చట్టం తెలుగును అడగదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉండాలి. ఇంకో భాష అదనంగా వేసుకోవచ్చు. వేస్తే అది మొదటి భాషలో ఉన్నదానికి విరుద్ధంగా ఉండకూడదు. తెలుగు తప్పనిసరి కాదు కాబట్టి రేవులో సరుకు చూసే అధికారి ఇంగ్లీషు లేబుల్‌నే పట్టి పట్టి చూస్తాడు. తెలుగులో ఒక పదం పొరపాటైతే పట్టుకునేవాళ్లు దారిలో ఎవరూ ఉండరు. అందుకే తెలుగు లేబుల్ రాసేవాళ్లు ఇంగ్లీషు లేబుల్ రాసేవాళ్లకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు చేయాల్సిన పని అనువాదం కాదు. ఫ్యాక్టరీ నుంచి మూడు కాగితాలు తెప్పించుకోవాలి. ఒకటి, పాళ్లతో సహా తయారీ పట్టీ. రెండు, 100 గ్రాములకు చేయించిన ప్రయోగశాల పరీక్ష ఫలితాలు. మూడు, అవే యంత్రాల మీద ఇంకేం తయారవుతాయో చెప్పే పత్రం. ఇండోనేషియా లేబుల్ ఆ దేశపు ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ నిబంధనలకు తగ్గట్టు కుదించిన రూపం. మన లేబుల్‌కు కావలసినవన్నీ అందులో ఉండవు. ఉన్నవి కూడా కొన్ని మన పద్ధతిలో ఉండవు.

పదార్థాల వరస

ప్యాకెట్ వెనక కొంపోసిసి అనే శీర్షిక కింద జాబితా ఇలా ఉంది: కాచాంగ్ తానాహ్, గులా మేరాహ్, చాబాయ్, బావాంగ్ పుతిహ్, గారామ్, ఆసామ్ జావా, తెరాసి (ఉదాంగ్, గారామ్), కెంచుర్, దావున్ జెరుక్. వరసగా చెప్పుకుంటే పల్లీలు, ఎర్రబెల్లం, మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు, పులియబెట్టిన రొయ్యల ముద్ద, అల్లం జాతికి చెందిన ఒక దుంప, నిమ్మ జాతి ఆకు.

ఈ వరస ఎవరి ఇష్టం వచ్చినట్టు రాసింది కాదు. తయారీలో ఎక్కువ బరువు వేసినది ముందు, తక్కువ వేసినది వెనక. రెండు దేశాల్లోనూ ఇదే సూత్రం. ఇండోనేషియాలో 1999 నాటి లేబుల్ ఉత్తర్వే దీన్ని చెప్పింది. అయితే విటమిన్లు, ఖనిజాలు, ఇతర పోషకాలు కలిపితే వాటిని ఈ వరస నుంచి మినహాయించింది. అందుకని ఇనుము, విటమిన్లు కలిపిన మైదాతో చేసిన సరుకైతే అక్కడి వరసను కళ్లు మూసుకుని దించేసుకోకూడదు. తయారీ పట్టీతో సరిచూసుకోవాలి. మన ముద్దలో అలాంటివి లేవు కాబట్టి ఆ చిక్కు లేదు.

బరువు అంటే ఎప్పటి బరువు? తయారీలో వేసేటప్పటి బరువు. 100 కిలోల పాకంలో పల్లీలు 55 కిలోలు, బెల్లం 24, పచ్చి ఎర్రమిరపకాయలు 7, వెల్లుల్లి ఐదున్నర, ఉప్పు 3, చింతపండు రెండున్నర, తెరాసి 2, మిగతా కిలో దుంప, ఆకు అనుకుందాం. ముద్ద చేసేసరికి మిరపకాయల్లోనూ వెల్లుల్లిలోనూ ఉన్న నీరు చాలావరకు ఇగిరిపోతుంది. అప్పుడు తూస్తే మిరపకాయల పాలు ఉప్పుకన్నా తక్కువే కావచ్చు. అయినా జాబితాలో మిరపకాయలు మూడో స్థానంలోనే ఉంటాయి, ఎందుకంటే గిన్నెలో పడ్డప్పుడు వాటి బరువు 7 కిలోలు. అదే ఫ్యాక్టరీ రేపు పచ్చివాటి బదులు ఎండుమిర్చి వాడితే కిలోన్నర సరిపోతుంది. రుచిలో పెద్ద తేడా ఉండదు. లేబుల్ మీద మాత్రం మిర్చి చింతపండును, తెరాసిని దాటి కిందికి దిగిపోతుంది. ‘మిరపకాయలు’ అని ఒక్క మాటలో తేల్చకుండా పచ్చివో ఎండువో అడిగి తెలుసుకోవాలనడం ఇందుకే.

ఇక్కడ తెలుగు వాక్యం తెచ్చే ఒక ప్రమాదం ఉంది. ఇండోనేషియా భాషలో ముందు వస్తువు పేరు వస్తుంది, దాని వివరణ వెనక వస్తుంది. తెలుగులో వివరణ ముందు, వస్తువు వెనక. తెరాసిని సహజమైన తెలుగులో ‘రొయ్యలు, ఉప్పు కలిపి పులియబెట్టిన ముద్ద’ అని రాశామనుకోండి. జాబితాలో పెడితే ‘ఉప్పు, చింతపండు, రొయ్యలు, ఉప్పు కలిపి పులియబెట్టిన ముద్ద’ అవుతుంది. చదివేవాళ్లకు ఉప్పు ఎందుకు రెండుసార్లు వచ్చిందో తెలియదు. చింతపండు కూడా ఆ ముద్దలోదే అనుకోవచ్చు. జాబితాలో కామా పదార్థానికీ పదార్థానికీ మధ్య గోడ. ఆ గోడను వివరణలోకి తెస్తే జాబితా కూలిపోతుంది. అందుకే వినడానికి కాస్త బిగుసుకున్నట్టున్నా, ‘తెరాసి - పులియబెట్టిన రొయ్యల ముద్ద (రొయ్యలు, ఉప్పు)’ అని కుండలీకరణాలను ఉన్నచోటే ఉంచాలి.

తెరాసి లాంటివాటిని మిశ్రమ పదార్థాలంటారు, అంటే తానే మరికొన్నిటితో తయారై వచ్చిన పదార్థం. అలాంటిది మొత్తంలో 5 శాతం లోపుంటే దాని లోపలి జాబితా ఇవ్వనవసరం లేదని మన నిబంధనల్లో వెసులుబాటు ఉంది. మన తెరాసి 2 శాతమే. ఆ వెసులుబాటు వాడుకుని తెలుగులో ‘తెరాసి’ అని మాత్రం రాసి వదిలేస్తే తెలుగు పాఠకుడికి అదేదో మసాలా దినుసులా కనిపిస్తుంది. ఇండోనేషియాలో తెరాసి అంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. మనకు తెలియదు. కాబట్టి చట్టం అడగకపోయినా విప్పి చెప్పడమే సరైన పని. అలర్జీ ప్రకటనకు ఈ 5 శాతం వెసులుబాటు ఎలాగూ వర్తించదు.

గులా మేరాహ్ గురించి కూడా ఒక మాట. దీన్ని ‘బెల్లం’ అంటే మన పాఠకుడు చెరకు బెల్లం అనుకుంటాడు. ‘తాటిబెల్లం’ అంటే గోదావరి జిల్లాల తాటినీరా బెల్లం అనుకుంటాడు. జావాలో ఇది ఎక్కువగా కొబ్బరి గెల నుంచి, ఆరెన్ అనే మరో తాళజాతి చెట్టు నుంచి తీసిన నీరాతో చేస్తారు. ఏ చెట్టుదో ఫ్యాక్టరీని అడిగి, కొబ్బరిదైతే ‘కొబ్బరినీరా బెల్లం’ అని రాస్తే చాలు.

పల్లీలు, రొయ్యలు

పోషకాల పట్టికలో అంకె తప్పైతే మనిషికి వెంటనే ఏమీ కాదు. అలర్జీ ప్రకటనలో పదం తప్పైతే ఆస్పత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.

అలర్జీ ఉన్న శరీరం ఒక ప్రత్యేక ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. పల్లీల్లో అలాంటి ప్రోటీన్లు చాలా ఉన్నాయి. వాటికి అరా హెచ్ 1, అరా హెచ్ 2 అని వరసగా పేర్లు పెట్టారు. పల్లీలను పొడిగా వేయించినప్పుడు ఈ ప్రోటీన్లు అలర్జీ కలిగించే ప్రతిరక్షకాలకు మరింత గట్టిగా అంటుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. ఉడకబెట్టినప్పుడు వాటిలో కొంత భాగం నీళ్లలోకి దిగిపోతుంది. మన ముద్దలో ఉన్నవి వేయించిన పల్లీలు. ఇక రొయ్యల్లో ముఖ్యమైనది ట్రోపోమయోసిన్ అనే కండర ప్రోటీన్. అది వేడికి తేలిగ్గా చెడదు. ఎండబెట్టినా, పులియబెట్టినా, వండినా ‘ఇక పరవాలేదు’ అనుకోవడానికి వీల్లేదు. 25 గ్రాముల వడ్డనలో అర గ్రాము తెరాసి ఉంటుంది. అలర్జీ బాగా ఉన్నవాళ్లకు కొన్ని మిల్లీగ్రాముల ప్రోటీన్ కూడా సరిపోతుంది కాబట్టి అర గ్రామును కొంచెమే కదా అనుకోలేం.

ఇండోనేషియా లేబుల్ అలర్జీ సంగతి చెప్పే తీరు వేరు. జాబితాలో పల్లీలు, రొయ్యలు అన్న పదాలను ముద్దక్షరాల్లో వేస్తారు. కింద ‘అలర్జీ కారకాలున్నాయి, ముద్దక్షరాల్లో ఉన్న పదార్థాలను చూడండి’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. దీన్ని మాటకు మాట తెలుగులో పెట్టి, తెలుగు జాబితాలో ముద్దక్షరాలు వేయడం మరిచిపోతే ఆ వాక్యం దేన్నీ చూపించదు. వేసినా తెలుగు అక్షరాలను చిన్న సైజులో ముద్దగా అచ్చు వేస్తే గుండ్రాలు పూడుకుపోయి, మామూలు అక్షరానికీ దానికీ తేడా దుకాణం వెలుతురులో కనిపించదు. మన నిబంధన ఎలాగూ వేరే పద్ధతి కోరుతుంది. ఫలానావి ఉన్నాయని పేర్లతో సహా విడిగా ప్రకటించాలి. కాబట్టి ఆ వాక్యాన్ని పక్కనపెట్టి, జాబితా కింద కొత్తగా ఒక వాక్యం రాయాలి.

ఆ వాక్యంలో పల్లీలను ఏమని పిలవాలి? హైదరాబాద్‌లో పల్లీలు. పుస్తకాల్లో వేరుశనగ. రాయలసీమలో కొన్నిచోట్ల చెనక్కాయలు, కొన్నిచోట్ల బుడ్డలు. కోస్తాలో చాలామంది శనగనూనె అన్నారంటే అది వేరుశనగ నూనే. ‘శనగ’ అని మాత్రం రాస్తే హైదరాబాదులో పెరిగినవాళ్లకు పచ్చిశనగపప్పు గుర్తొస్తుంది, అది వేరే పంట. ‘వేరుశనగ’ అని ఒక్కటే రాస్తే, నాలుగు తరగతులు చదివి ఇంట్లో ఎప్పుడూ పల్లీలనే అనే మనిషి ఒక్క క్షణం ఆగుతుంది. ‘వేరుశనగ (పల్లీలు)’ అని రెండూ రాస్తే అన్ని జిల్లాలవాళ్లకూ సందేహం తీరుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 ఆహారాలున్నాయి. వాటికి భారతీయ భాషల్లో పేర్లూ ఇచ్చారు. ఏ పేరు ఏ పంటదో నిర్ధారించుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం నాకు కనిపించలేదు. ఆ పేరుకు వాడుక పేరును జోడించుకుంటే సరి.

అసలు కాచాంగ్ అనే మాటతోనే జాగ్రత్తగా ఉండాలి. కాచాంగ్ తానాహ్ పల్లీలు, కాచాంగ్ హిజావు పెసలు, కాచాంగ్ మేదే జీడిపప్పు, కాచాంగ్ కెదెలాయ్ సోయా. మన ‘పప్పు’ కూడా అలాంటిదే. కందిపప్పు, జీడిపప్పు, వేరుశనగపప్పు మూడూ పప్పులే అయినా అలర్జీ ఉన్నవాళ్లకు మూడూ వేర్వేరు సంగతులు. రెండో మాట లేకుండా ఒట్టి కాచాంగ్ అని ఎక్కడ కనిపించినా అక్కడ ఆగి ఫ్యాక్టరీని అడగాలి. ‘పప్పులు’ అనో ‘నట్స్’ అనో రాసి ముందుకు పోకూడదు.

రొయ్యల విషయం మనకు తేలిక. మన నిబంధన ఆ వర్గానికి క్రస్టేషియన్లు అని పేరు పెట్టింది. తెలుగు వంటింట్లో ఆ మాట ఎవరికీ తెలియదు. ‘రొయ్యలు’ తెలియనివాళ్లు లేరు. వర్గం పేరు వదిలేసి వస్తువు పేరు రాయాలి.

ఇక ఫ్యాక్టరీ పంపిన మూడో పత్రంలో, ఇవే యంత్రాల మీద చేపలు, గుల్లచేపలు కలిసిన సాసులు కూడా తయారవుతాయని ఉందనుకుందాం. ఇది పదార్థం కాదు, అంటుకునే అవకాశం. మన పద్ధతిలో దీనికి ‘ఉండవచ్చు’ అనే వాక్యం వేరుగా ఉంటుంది. తరచూ జరిగే తప్పు ఏమిటంటే, స్థలం సరిపోదని రెండు జాబితాలనూ ఒకే వాక్యంలో కలిపేస్తారు. ‘పల్లీలు, రొయ్యలు, చేపలు ఉండవచ్చు’ అన్నప్పుడు ఖచ్చితంగా ఉన్న పల్లీలు కూడా ఉంటే ఉండొచ్చు, లేకుంటే లేదు అన్నట్టు వినిపిస్తాయి. రెండు వాక్యాలనూ ఎప్పుడూ రెండుగానే ఉంచాలి.

గుల్లచేపల దగ్గర రెండు దేశాల జాబితాలూ విడిపోతాయి. ఇండోనేషియా నిబంధనల్లో ఆల్చిప్పలు, గుల్లలు కూడా అలర్జీ కారకాలే. మన 2020 నిబంధనల్లో ఎనిమిది వర్గాలున్నాయి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలూ పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలూ చెట్టు గింజలూ, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు అంతకు మించిన సల్ఫైట్లు. గుల్లలకు అందులో చోటు లేదు. మన చట్టం అడగలేదని తెలుగు లేబుల్‌లో ఆ మాటను తీసేయడం నాకు సమ్మతం కాదు. తయారీదారుకు తెలిసిన ప్రమాదం దేశం మారినంత మాత్రాన పోదు. అయితే తెలుగులో ఉంచితే ఇంగ్లీషులోనూ ఉంచాలి, రెండూ ఒకే మాట చెప్పాలి కాబట్టి.

ఇదే తెరాసి ఇంకో గుర్తును కూడా నిర్ణయిస్తుంది. ముందువైపు పల్లీలు, మిరపకాయల బొమ్మ ఉంటుంది. ఆకుకూరల మీద పోసుకునేదని చెప్పి ఉంటుంది. ఇండోనేషియా లేబుల్ మీద హలాల్ ముద్ర ఉంటుంది గానీ శాకాహారమో మాంసాహారమో చెప్పే గుర్తు ఉండదు. కార్తీక మాసంలో నీచు ముట్టని ఇంట్లో దీన్ని పల్లీ పచ్చడనుకుని దోసెలోకి వేసుకునే అవకాశం చాలా ఉంది. మన లెక్కలో జలచరాల నుంచి వచ్చినది కలిస్తే అది మాంసాహారమే, 2 శాతమైనా సరే. చదరపు గీత మధ్య గోధుమ రంగు త్రిభుజం పడాల్సిందే. ముందువైపు పల్లీల బొమ్మ వేసి వాటిని గొప్పగా చూపించారు కాబట్టి పదార్థాల జాబితాలో పల్లీల పక్కన వాటి శాతం కూడా వేయాలి.

వడ్డన, అంకెలు

ఇండోనేషియా పట్టిక తకారన్ సాజి అనే మాటతో మొదలవుతుంది, అంటే ఒకసారి వడ్డించే పరిమాణం. మన ప్యాకెట్‌కు 25 గ్రాములు, ప్యాకెట్‌లో 8 వడ్డనలు. ముందు గుణించి చూడాలి: 8 ఇరవై అయిదులు 200, నికర బరువుతో కలిసింది. ఇండియాకు వేరే సైజు ప్యాకెట్ పంపుతున్నప్పుడు పాత వడ్డనల సంఖ్య అలాగే ఉండిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

తెలుగువాళ్లు దీన్ని అన్నంలో కలుపుకుంటే 25 గ్రాములతో ఆగరు. అయినా వడ్డన పరిమాణం మార్చే హక్కు అనువాదకుడికి లేదు, అది తయారీదారుడు నిర్ణయించేది. గ్రాముల పక్కన ఇంటి కొలత ఇవ్వాలనుకుంటే ‘చెంచా’ అని ఊరికే రాయకూడదు, ఒక ఇంట్లో చెంచా టీ స్పూను, ఇంకో ఇంట్లో అన్నం తినేది. ముద్దను నిజంగా తూచి, ‘సుమారు 2 టేబుల్ స్పూన్లు’ వస్తే అలా రాయాలి.

ఒక వడ్డనకు శక్తి 120 కిలో క్యాలరీలు, కొవ్వు 8 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు ఒకటిన్నర, ప్రోటీన్ 4, పిండిపదార్థాలు 8, చక్కెర 6, సోడియం 300 మిల్లీగ్రాములు. పక్కన రోజువారీ అవసరంలో శాతాలున్నాయి: శక్తి 6, కొవ్వు 12, సంతృప్త కొవ్వు 8, సోడియం 20.

ఈ శాతాల్ని దించేసుకోవచ్చా? పైనుంచి రెండు వరసలు సరిచూస్తే సరిపోయాయనే అనిపిస్తుంది. ఇండోనేషియా రోజుకు 2,150 కిలో క్యాలరీల ఆధారంగా లెక్కిస్తుంది, మనం 2,000 ఆధారంగా. 120ని 2,150తో భాగించినా 2,000తో భాగించినా దగ్గరి పూర్ణాంకానికి సర్దితే 6 శాతమే. కొవ్వుకు రెండు దేశాల ఆధారమూ 67 గ్రాములే, అందుకే 12 అలాగే ఉంది. తేడా కింది వరసల్లో బయటపడుతుంది. సంతృప్త కొవ్వుకు అక్కడ 20 గ్రాములు, ఇక్కడ 22, శాతం 8 నుంచి 7కు దిగుతుంది. సోడియానికి అక్కడ 1,500 మిల్లీగ్రాములు, ఇక్కడ 2,000. అవే 300 మిల్లీగ్రాములు అక్కడ 20 శాతం, ఇక్కడ 15 శాతం. బీపీ ఉన్న మనిషి చూసేది సరిగ్గా ఈ వరసనే. పాత శాతాన్ని అలాగే ఉంచి శీర్షిక మాత్రం భారతీయ ప్రమాణంగా మారిస్తే ఆ అంకె అబద్ధమవుతుంది. ఇంగ్లీషు లేబుల్‌తోనూ పొసగదు.

మన పట్టిక 100 గ్రాముల లెక్కను కోరుతుంది. 25ను నాలుగుతో గుణిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. లేబుల్ మీది అంకెలు అప్పటికే సర్దినవి. ఇండోనేషియా పద్ధతిలో 50 దాటిన క్యాలరీలను దగ్గరి పదికి సర్దుతారు, కాబట్టి 120 అంటే అసలు 115 నుంచి 125 మధ్య ఏదైనా కావచ్చు. నాలుగుతో గుణిస్తే ఆ సందు 40 క్యాలరీల వెడల్పు అవుతుంది. అర గ్రాము లోపు కొవ్వును సున్నాగా చూపిస్తారు. వడ్డనలో 0.4 గ్రాములున్నది సున్నా అయి, నాలుగుతో గుణించినా సున్నాగానే ఉంటుంది, 100 గ్రాముల్లో నిజంగా ఉన్నది 1.6. సర్దుబాటు ఎప్పుడూ చివర్లోనే చేయాలి. అందుకే 100 గ్రాముల పరీక్ష ఫలితాలు తెప్పించుకోమన్నది. అదనంగా కలిపిన చక్కెర కూడా మనకు విడిగా కావాలి. ఇండోనేషియా పట్టికలో చక్కెర అని ఒక్క వరసే ఉంది. బెల్లం ఎంత పడిందో తయారీ పట్టీలో చూసి లెక్కించాలి తప్ప ఈ లేబుల్ నుంచి దాన్ని రాబట్టలేం.

ఆ పరీక్ష పత్రం వచ్చాక ఇంకో ఉచ్చు ఎదురవుతుంది. అందులో కొవ్వు 31,5 అనీ సోడియం 1.210 అనీ ఉంటుంది. ఇండోనేషియాలో కామా దశాంశ బిందువు, చుక్క వేల గుర్తు. మనకు తలకిందులు. కొవ్వు ముప్పై ఒకటిన్నర గ్రాములు, సోడియం పన్నెండు వందల పది మిల్లీగ్రాములు. ఆ ఫైలును మాదాపూర్‌లోని కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్‌గా తెరిస్తే 31,5 కాస్తా 315 అయిపోవచ్చు, 1.210 మాత్రం నిశ్శబ్దంగా ఒకటింపావు మిల్లీగ్రాముకు దగ్గరవుతుంది. మొదటిది దొరికిపోతుంది, ఎందుకంటే 100 గ్రాముల ముద్దలో 315 గ్రాముల కొవ్వు పట్టదు. రెండోది ఉప్పు దాదాపు లేని పచ్చడిగా ముద్రణకు వెళ్లిపోగలదు. పట్టుకునే దారి ఉంది. సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు బరువు వస్తుంది. 1,210 మిల్లీగ్రాములంటే 100 గ్రాముల్లో 3 గ్రాముల ఉప్పు. తయారీ పట్టీలో 100 కిలోలకు 3 కిలోల ఉప్పు వేశారు కాబట్టి ఇది పొసగుతుంది. ఒకటింపావు మిల్లీగ్రాము ఏ రకంగానూ పొసగదు. అలాగే కొవ్వును 9తో, ప్రోటీన్, పిండిపదార్థాలను 4తో గుణించి కూడితే శక్తి అంకెకు దగ్గరగా రావాలి. మన వడ్డనకు 72, 16, 32 కలిపి 120, సరిపోయింది.

ముద్రణ

2017 నాటి దిగుమతి నిబంధనల ప్రకారం రేవులో గోదాములో ఉన్నప్పుడు స్టిక్కరుతో సరిదిద్దుకోగలిగినవి కొన్నే. దిగుమతిదారు పేరూ చిరునామా, ఆహార భద్రతా సంస్థ ముద్రా లైసెన్సు సంఖ్యా, శాకాహార మాంసాహార గుర్తు, ఆహారం ఏ వర్గానిదో చెప్పే మాట. పదార్థాల జాబితా, అలర్జీ ప్రకటన ఓడ ఎక్కకముందే అచ్చయి ఉండాలి. అంటే మాదాపూర్‌లో కూర్చిన తెలుగు జావాలోని ముద్రణాలయంలో, తెలుగు అక్షరం ఒక్కటీ తెలియనివాళ్ల చేతుల మీదుగా అచ్చవుతుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కూర్పు వెసులుబాటు వేయకపోతే వత్తులు విడిపోతాయి. ‘రొయ్యలు’లో యకు కింద చేరాల్సిన వత్తు పక్కకొచ్చి పొల్లుతో నిలబడుతుంది. అక్కడివాళ్లకు అది తప్పని తెలిసే అవకాశమే లేదు. అందుకే అక్షరాలను మాదాపూర్‌లోనే గీతల రూపంలోకి మార్చి పంపాలి. అచ్చు నమూనా తిరిగొచ్చాక అసలు సైజులో కాగితం మీద తీసి, తెలుగు తప్ప ఇంకేదీ చదవని మనిషి చేత అలర్జీ వాక్యాలను పైకి చదివించాలి. తెర మీద పెద్దది చేసి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

అలా చేశాక మన ప్యాకెట్ వెనక అచ్చయ్యేది ఇది:

పదార్థాలు: వేయించిన వేరుశనగ (పల్లీలు) 55%, కొబ్బరినీరా బెల్లం, పచ్చి ఎర్రమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు, తెరాసి - పులియబెట్టిన రొయ్యల ముద్ద (రొయ్యలు, ఉప్పు), కెంచుర్ దుంప, నిమ్మజాతి ఆకు.

అలర్జీ: ఇందులో వేరుశనగ (పల్లీలు), రొయ్యలు ఉన్నాయి.

చేపలు, గుల్లచేపల ఆనవాళ్లు ఉండవచ్చు.

దీని అసలు ఫైలు మీద తయారీ పట్టీ తేదీ కూడా రాసిపెట్టుకోవాలి. ఫ్యాక్టరీ మిరపకాయలు మార్చినా, తెరాసికి బదులు సోయా ముద్ద వేసినా ఇండోనేషియా లేబుల్ అక్కడే మారిపోతుంది. తెలుగు లేబుల్‌ను మార్చమని అడిగేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. ఆ తేదీ ఉంటే ప్రతి కొత్త సరుకుతో వచ్చే పట్టీతో పోల్చి చూడటం ఒక నిమిషం పని.